టీబీ మాత్రలు, వాంతులు, ఎర్ర మూత్రం: ఆపాలా వద్దా?

“అన్నా, నాన్న టీబీ మాత్రలు మొదలుపెట్టి 24 రోజులైంది. మూత్రం మొదటి రోజు నుంచే ఎర్రగా వస్తోంది. నాలుగు రోజులుగా అన్నం వాసన పడట్లేదు, వాంతులు. పెద్దమ్మ పసరు మందు తాగిద్దామంటోంది. మాత్రలు ఆపాలా?”

ఆపు తమ్ముడూ, ఈ రోజు డోసు వెయ్యొద్దు. కానీ ఆపేసి ఇంట్లో కూర్చోవద్దు, ఈ రోజే మాత్రలిచ్చిన చోటికి తీసుకెళ్లి లివర్ రక్త పరీక్ష చేయించు.

ముందు ఆ ఎర్ర మూత్రం సంగతి. అది టీబీ మాత్రలోని రిఫాంపిసిన్ అనే మందు రంగు, చెమటకీ కన్నీళ్లకీ కూడా వస్తుంది, దానివల్ల ఏమీ కాదు. చిక్కేంటంటే, కామెర్లు మొదలై మూత్రం టీ డికాక్షన్‌లా మారినా “ఆ మాత్రల రంగేలే” అని వదిలేస్తాం. అందుకే చూడాల్సింది కళ్లు. పగటి వెలుతురులో, వాకిట్లో నిలబెట్టి తెల్లగుడ్డు చూడు, ట్యూబ్‌లైటు కింద ఆ పసుపు తెలియదు.

మొదటి రెండు మూడు రోజులు మాత్ర వేయగానే కాస్త వికారం మామూలే, తిన్నాక వేస్తే చాలామందికి తగ్గుతుంది. మీ నాన్నది అలాంటిది కాదు, మూడు వారాలు బాగానే ఉండి ఇప్పుడు ఆకలి చచ్చిపోయింది. లివర్ దెబ్బ ఎక్కువగా మొదటి రెండు నెలల్లోనే, ఇలాగే మొదలవుతుంది.

రిపోర్టులో ఎస్‌జీపీటీ చూడు, లివర్ దెబ్బతింటే పెరిగే అంకె అది. మామూలుగా 40 లోపు అనుకుందాం. వాంతులు, నీరసం లాంటివి ఉంటే 120 దాటినా ఆపేస్తారు, ఏ ఇబ్బందీ లేకపోయినా 200 దాటితే ఆపేస్తారు. ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పిరజినమైడ్, ఈ మూడూ లివర్‌ని దెబ్బతీయగలవు, ఇథాంబ్యుటాల్‌తో ఆ భయం దాదాపు లేదు. అయితే నాలుగూ ఒకే మాత్రలో కలిపి ఉంటాయి కాబట్టి దేన్నో ఒకదాన్ని మనం ఇంట్లో ఏరి పక్కన పెట్టలేం. జబ్బు ముదిరి ఉంటే, ఈలోపు లివర్‌కి ఇబ్బంది లేని వేరే మందులు డాక్టరే ఇస్తారు. ఎస్‌జీపీటీ 80 కిందికి దిగాక (రెండు మూడు వారాలు పట్టొచ్చు) విడి మాత్రలుగా, ఒక్కొక్కటే, సాధారణంగా రిఫాంపిసిన్‌తో మొదలుపెట్టి, కొన్ని రోజులకోసారి రక్తం చూస్తూ మళ్లీ ఇస్తారు. పిరజినమైడ్ చాలాసార్లు మళ్లీ ఇవ్వరు, అప్పుడు కోర్సు ఆరు నెలలు దాటుతుంది.

ఇక పెద్దమ్మ పసరు. ఆమె మీద కోపం వద్దు, మా ఇంట్లోనూ ఇదే మాట. కానీ మందు వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు ఆ మందు ఆపితేనే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. మాత్రలు వేసుకుంటూనే పసరు తాగితే మాత్రం అసలు దెబ్బ ఆగదు. ఆ పసరులో ఏ ఆకు నూరారో మనకు తెలియదు కూడా. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసమని తిప్పతీగ కషాయం తాగి లివర్ పాడైనవాళ్లను ముంబై డాక్టర్లు చూశారు. నాన్న ఇప్పటికే ఏదైనా కషాయం తాగుతుంటే దాన్నీ ఆపించు, దాచకుండా డాక్టరుకి చెప్పు.

మత్తుగా పడుకుంటున్నా, మాట తడబడుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా రిపోర్టు కోసం ఆగొద్దు, నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లు.