కొలత ఒకటే, తీర్పు వేరు: సప్లయర్ స్కోరు వెనక ఒక కేసు

అందరికీ నమస్కారం. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి నుంచి షిఫ్టు వదులుకుని వచ్చిన షెడ్ల యజమానులకు, పెద్ద కంపెనీల పర్చేజ్, క్వాలిటీ విభాగాల నుంచి వచ్చినవారికి ప్రత్యేకంగా నమస్కారం. మీరిద్దరూ ఒకే హాల్లో కూర్చోవడం అరుదు కాబట్టి మర్యాదలు ఇక్కడితో ఆపి విషయంలోకి వస్తాను.

అధ్యక్షులవారు నన్ను కంపెనీ కొనుగోళ్లు, స్టోర్స్, లెక్కలు అన్నీ నడిపే ఈఆర్పీ సాఫ్ట్‌వేర్‌లో క్వాలిటీ మాడ్యూల్ మీద మాట్లాడమన్నారు. మాడ్యూల్ అంతా చెప్పను. మీ సరుకు గేటు దాటిన క్షణం నుంచి కంపెనీ మీకిచ్చే నాణ్యత స్కోరు మారే క్షణం వరకు లోపల ఏం జరుగుతుందో ఒక్కటే చెబుతాను. ఎక్కువమంది వాడేది ఎస్ఏపీ కాబట్టి దాని లెక్కలోనే చెబుతాను. మిగతా ఈఆర్పీల్లో పేర్లు మారినా నడక దాదాపు ఇంతే.

స్టోర్స్‌లో మీ చలానా చూసి సరుకు రసీదు పోస్ట్ చేస్తారు. ఆ పార్టుకి ఇన్‌స్పెక్షన్ పెట్టి ఉంటే సరుకు నేరుగా వాడకానికి వెళ్లదు, ఇన్‌స్పెక్షన్ స్టాక్‌లో ఆగుతుంది. లెక్కలో కనిపిస్తుంది కానీ షాపుకి ఇవ్వడం కుదరదు. అదే క్షణంలో సిస్టం ఆ వచ్చిన సరుకు మొత్తానికి ఒక లాట్ నంబరు పుట్టిస్తుంది, ఆ పార్టు ఇన్‌స్పెక్షన్ ప్లాన్‌ని దానికి తగిలిస్తుంది. ఏ కొలత చూడాలి, కింది హద్దు ఎంత, పై హద్దు ఎంత, ఎన్ని పీసులు తీయాలి, అన్నీ ఆ ప్లాన్‌లోనే ఉంటాయి. ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి: ప్లాన్ తగిలేది లాట్ పుట్టినప్పుడు. మంగళవారం ప్లాన్ సరిచేస్తే సోమవారం పుట్టిన లాట్ తనంతట తాను మారదు. ఎవరో ఒకరు ఆ లాట్ తెరిచి ప్లాన్‌ని మళ్లీ తగిలించాలి.

తర్వాత ఇన్‌స్పెక్టర్ కొలతలు ఎక్కిస్తాడు. చివరికి ఒకరు లాట్ మీద తుది నిర్ణయం కోడ్ పెడతారు. ఫ్యాక్టరీల్లో దాన్ని యూడీ అంటాం. ఎస్ఏపీలో అది పెట్టే స్క్రీన్ పేరు QA11. ఒప్పుకుంటే సరుకు వాడకానికి వెళ్తుంది, కాదంటే బ్లాక్‌లోకో తిరుగు చలానాతో మీ షెడ్డుకో వస్తుంది. ఆ కోడ్‌కి వెనక ఒక మార్కు కట్టి ఉంటుంది. మామూలుగా ఒప్పుకుంటే 100, తిరస్కరిస్తే 1. మీ నాణ్యత స్కోరుకి ముడిసరుకు ఆ మార్కే. మైక్రోమీటర్ మీద అంకె కాదు, యూడీ కోడ్.

షరతుతో ఒప్పుకోవడానికి మధ్యలో ఇంకా కోడ్‌లు పెట్టుకోవచ్చు, వాటికి 60, 70 అని మార్కులూ ఇవ్వొచ్చు. కానీ నేను చూసిన చాలా చోట్ల రెండే కోడ్‌లు వాడతారు. దాంతో చిన్న బర్ర్ ఉన్న లాటూ, సైజే తప్పిన లాటూ ఒకే మార్కుతో మూసుకుంటాయి.

ఇక నన్ను ఇక్కడికి రప్పించిన కేసు చెబుతాను. మా వీధిలోనే ఒక షెడ్డు. ఓనరు నాకు అన్నలాంటివాడు, పేరు చెప్పను. ఆయన ఒక పెద్ద కంపెనీకి పిన్నులు చేస్తాడు. ఆ కంపెనీ పేరు కూడా చెప్పను. పిన్ను వ్యాసం 20 మిల్లీమీటర్లు. డ్రాయింగ్‌లో మొదట h6 టాలరెన్స్ ఉండేది. అంటే పై హద్దు 20.000, కింది హద్దు 19.987. తర్వాత ఆ కంపెనీ డిజైన్ వాళ్లు ఈ పార్టుకి అంత బిగువు అక్కర్లేదని రివిజన్ మార్చి h7 చేశారు. కింది హద్దు 19.979కి దిగింది. పర్చేజ్ ఆర్డర్ కొత్త రివిజన్ నంబరుతోనే వచ్చింది. అన్న కొత్త డ్రాయింగ్ ప్రకారమే 1000 పిన్నులు గ్రైండ్ చేసి, తన కొలతల రిపోర్టు జతచేసి పంపాడు.

వెయ్యి పీసుల లాట్‌కి శాంపిల్ తనిఖీ ప్రమాణమైన ఐఎస్ఓ 2859-1 ప్రకారం సాధారణ స్థాయి రెండులో 80 పీసుల శాంపిల్ తీస్తారు. ఏక్యూఎల్, అంటే ఒప్పుకోదగ్గ లోపాల హద్దు, ఒక శాతం అయితే రెండు పీసుల దాకా ఫెయిలైనా లాట్ ఒప్పుకుంటారు, మూడైతే తిరస్కరిస్తారు. అన్న లాట్‌లో 80కి 11 పోయాయి. లాట్ రిజెక్ట్, మార్కు 1. సరుకు తిరుగు చలానాతో, వెనక డెబిట్ నోట్‌తో షెడ్డుకి వచ్చేసింది.

ఆయన నా దగ్గరికి వచ్చి, "రేపటి నుంచి ఆ గ్రైండర్ మీద ఇంకో ఆపరేటర్‌ని పెట్టనా?" అని అడిగాడు. ఆపరేటర్‌ని ముట్టుకోవద్దన్నాను. ముందు వాళ్ల కొలతల ప్రింటు తెప్పించమన్నాను. తెప్పించడానికే పెద్ద యుద్ధం అయింది. తిరుగు చలానాలో "సైజు తేడా" అని రెండు మాటలే ఉన్నాయి. ఏ కొలత, ఎంత తేడా అన్నది లేదు. చివరికి ప్రింటు వచ్చింది.

ఆ ప్రింటునీ అన్న రిపోర్టునీ పక్కపక్కన పెట్టి చూశాం. ఫెయిలైన 11 పీసులూ 19.979కీ 19.987కీ మధ్యలోనే ఉన్నాయి. ఒక్కటి కూడా 19.979 కిందికి పోలేదు, ఒక్కటి కూడా 20.000 దాటలేదు. అన్న రిపోర్టులోనూ పీసులు ఇదే పట్టీలో పరుచుకుని ఉన్నాయి. అంటే వాళ్ల మైక్రోమీటర్, మన మైక్రోమీటర్ ఒకే మాట చెబుతున్నాయి. కొలత కలిసింది, తీర్పు కలవలేదు.

మిత్రులారా, ఇక్కడ కాస్త ఆగండి. ఏ రిజెక్షన్ వచ్చినా మొట్టమొదట చేయాల్సిన పరీక్ష ఇదే. రెండు వైపుల అంకెలూ తేడాగా ఉంటే గొడవ గేజ్‌ది, కాలిబ్రేషన్‌ది, లేదా పీసు ఎక్కడ పట్టి కొలిచారన్నదాని గురించి. అంకెలు కలిసి, తీర్పు మాత్రం వేరైతే చూడాల్సింది హద్దులని. మీ డ్రాయింగ్‌లో హద్దులు, వాళ్ల ప్లాన్‌లో హద్దులు. ఆ కంపెనీ ప్లాన్‌లో ఇంకా 19.987 ఉంది. డ్రాయింగ్ మారింది, పర్చేజ్ ఆర్డర్ మారింది, ప్లాన్ మారలేదు. మూడూ సిస్టంలో వేర్వేరు చోట్ల ఉంటాయి, వేర్వేరు విభాగాలవాళ్లు నడుపుతారు. ఒకటి మారితే ఇంకోటి దానంతటదే మారుతుందని చాలామంది నమ్మకం. ఎవరైనా కూర్చుని ఆ ఏర్పాటు చేస్తే తప్ప మారదు.

కంపెనీ క్వాలిటీ హెడ్ గారు విషయం చూసి, మాట ఒప్పుకుని, రెండు రోజుల్లో ప్లాన్ సరిచేయించారు. పిన్నులు మళ్లీ తెప్పించుకున్నారు, కొత్త లాట్‌లో అవే పిన్నులు పాసయ్యాయి. అన్న సంతోషించాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే పాత లాట్ మీద ఆ 1 అలాగే ఉంది.

లెక్క చూడండి. ఆ కంపెనీ సప్లయర్ నాణ్యత స్కోరుని ఆరు నెలల లాట్‌ల మార్కుల సగటుగా తీసుకుంటుంది. ఈ రిజెక్షన్ పడ్డ రోజుకి అన్నకి ఆ ఆరు నెలల్లో ఐదు లాట్‌లు. నాలుగింటికి 100, దీనికి 1. నాలుగు వందల ఒకటిని ఐదుతో భాగిస్తే 80.2. వాళ్ల నియమం ప్రకారం 85 దాటకపోతే కొత్త పార్టులకి కొటేషన్ అడగరు. ఇంకోటి, ఆ నాలుగులో ఒకటి నలభై పీసుల ట్రయల్ లాట్. సగటులో నలభైకీ వెయ్యికీ ఒకే బరువు. పైగా వాళ్ల సిస్టంలో ఒక్క తిరస్కరణ పడితే చాలు, తర్వాతి లాట్‌లు బిగువు తనిఖీకి మారేలా పెట్టుకున్నారు. అదే 80 శాంపిల్‌లో రెండు పోయినా లాట్ పోతుంది. తప్పు ప్లాన్‌ది, శిక్ష పిన్నులకి.

అన్న వెళ్లి స్కోరు సరిచేయమని అడిగితే పర్చేజ్ విభాగంలో ఒకాయన, "సిస్టంలో మార్చలేమండీ, పోస్టింగ్ అయిపోయింది" అన్నారు. ఈ మాట మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా, సగం హాలు.

ఆ మాటలో సగమే నిజం. సరుకు తిరిగి వెళ్లిన పోస్టింగ్‌ని ఆ లాట్‌లోనే మామూలుగా వెనక్కి తిప్పడం కుదరదన్నది నిజం. కానీ ఎస్ఏపీలో యూడీని మార్చడానికి QA12 అనే దారి వేరుగా ఉంది. కోడ్ మార్చొచ్చు, మార్కు మార్చొచ్చు, ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్రగా ఉండిపోతుంది. దానికి అనుమతి ఉన్న మనిషి కావాలి, అంతే. మార్చాక సప్లయర్ స్కోరుని ME63 అనే స్క్రీన్‌లో మళ్లీ లెక్క కట్టించాలి. అది చేయకపోతే లాట్ మీద మార్కు మారినా మీ పేరు పక్కన పాత స్కోరే కనిపిస్తుంది. ఆ రెండు పనులూ పావుగంటలో అయ్యేవి. అన్న విషయంలో చేయలేదు. ఆ ఆరు నెలలూ గడిచి 1 తనంతట తాను సగటులోంచి జారిపోయేదాకా ఒక్క కొత్త కొటేషన్ కూడా ఆయన్ని అడగలేదు. నేను ఇంత గట్టిగా మాట్లాడుతున్నది అందుకే.

డబ్బు విషయం కూడా ఇందులో కలిసి ఉంది. లాట్ ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నంతకాలం బిల్లు చెల్లింపు ఆగేలా సిస్టంలో పెట్టుకోవచ్చు, చాలామంది పెట్టుకుంటారు. కానీ సూక్ష్మ, చిన్న యూనిట్లకి 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఉంది. సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకు ఒప్పుకున్నట్టే లెక్క. ఒప్పందంలో ఏం రాసుకున్నా, ఒప్పుకున్న రోజు నుంచి చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. వాళ్ల స్క్రీన్ మీద పెట్టుకున్న కోడ్ మీకు రాసిన ఉత్తరం కాదు. లాట్ నెలరోజులు తెరిచే ఉంచి, ఆ తర్వాత రిజెక్ట్ అంటే, 15 రోజుల్లోపు రాతలో ఏం వచ్చిందో చూపించమని అడగండి. అందుకే మీ చలానా మీద వాళ్ల గేటు తేదీ ముద్ర పడిన కాపీ ఒకటి ఫైల్లో ఉంచండి. ఉద్యం రిజిస్ట్రేషన్ నంబరు బిల్లు మీద వేయండి. వీటి గురించి విడిగా మాట్లాడుకోవచ్చు, నేను దారి తప్పుతున్నాను.

మళ్లీ ప్లాన్ దగ్గరికి వస్తాను. పెద్ద కంపెనీల క్వాలిటీ మిత్రులారా, ఈ మాట మీకు. డ్రాయింగ్ రివిజన్ మార్చే కాగితం మీదే ప్లాన్ మార్చాల్సినవారి సంతకానికి గడి పెట్టండి. ప్లాన్ పైన డ్రాయింగ్ రివిజన్ నంబరు రాయించండి. ఇన్‌స్పెక్టర్ కొలిచే ముందు ఆ నంబరునీ పర్చేజ్ ఆర్డర్ నంబరునీ కలిపి చూస్తే అన్న కేసు మొదటి పీసు దగ్గరే ఆగిపోయేది. తిరుగు చలానాతో పాటు కొలతల ప్రింటు పంపండి. "సైజు తేడా" అని రాస్తే సప్లయర్ ఏం సరిచేయాలి? గుడ్డిగా ఆపరేటర్‌ని మారుస్తాడు, మంచి మెషిన్‌ని పాడుచేసుకుంటాడు.

సప్లయర్ మిత్రులారా, నేను రిజెక్షన్‌లన్నీ అన్యాయం అనడం లేదు. నిజంగా సైజు తప్పిన లాట్‌లు మన షెడ్ల నుంచి వెళ్తున్నాయి, వాటికి 1 పడాల్సిందే. న్యాయమైన రిజెక్షన్‌ని కాదని వాదించకండి. కానీ పీసు తప్పా ప్లాన్ తప్పా అని తేలకముందే డెబిట్ నోట్ మీద సంతకం పెట్టకండి. మెయిల్ రాయండి, ఫోన్ చాలదు. అందులో లాట్ నంబరు, ఫెయిలైన కొలత పేరు, మీ పర్చేజ్ ఆర్డర్‌లో ఉన్న రివిజన్, వాళ్ల ప్లాన్ ఏ రివిజన్‌తో ఉందన్న ప్రశ్న, ఇవి చాలు. పొరపాటు వాళ్లదని తేలాక సరుకు వెనక్కి తీసుకున్నారని ఊరుకోవద్దు. అదే మెయిల్‌కి జవాబుగా ఆ లాట్ యూడీ కోడ్ మార్చమని, స్కోరు మళ్లీ లెక్క కట్టమని అడగండి. కుదరదంటే QA12 పేరు చెప్పండి.

అన్న మెయిళ్ల కాపీలు, పేర్లు చెరిపేసి, బయట టేబుల్ మీద పెట్టాను. మీ తర్వాతి కేసుకి అదే నమూనాగా వాడుకోండి.