తలుపు దగ్గర మారిపోయిన సైనికులు

“1857 గురించి బ్రిటిష్‌వాళ్లు వేసిన పెయింటింగ్స్‌ని చరిత్రకి సాక్ష్యంగా తీసుకోవచ్చా?” అని ఒక ప్రేక్షకురాలు అడిగారు.

తీసుకోవచ్చండీ. కాకపోతే కాన్పూర్‌లో ఏం జరిగిందో చెప్పే సాక్ష్యంగా కాదు, లండన్‌లో జనం ఏం చూడాలనుకున్నారో చెప్పే సాక్ష్యంగా. ఇది బాగా తెలియాలంటే స్కాట్లండ్ చిత్రకారుడు జోసెఫ్ నోయెల్ పేటన్ వేసిన ‘ఇన్ మెమోరియమ్’ చూడాలి. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో ఈ బొమ్మ ఉంది, మీలో చాలామంది చూసే ఉంటారు.

ఒక చీకటి గది. ఇంగ్లిష్ స్త్రీలు, పిల్లలు ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ చేతిలో బైబిల్, చూపు పైకి. వెనక తలుపులోంచి స్కాటిష్ హైలాండర్ సైనికులు వస్తున్నారు. అంటే ప్రాణాలు దక్కినట్టే.

కానీ 1858లో లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనలో పెట్టినప్పుడు ఆ తలుపులో ఉన్నది హైలాండర్లు కాదు, మన సిపాయిలు! ఆ స్త్రీలకి ఏం జరగబోతోందో చూసేవాళ్లే ఊహించుకోవాలి. సిపాయిలు ఆడవాళ్లపై అత్యాచారాలు చేశారన్న పుకార్లు అప్పటికే ఇంగ్లండ్ అంతా పాకాయి. బ్రిటిష్ అధికారి విలియం మ్యూర్ విచారణ జరిపిస్తే వాటికి ఆధారాలే దొరకలేదు. అయినా ఆ ఊహతోనే జనం బొమ్మ ముందు నిలబడ్డారు. ఇది చూడలేమని విమర్శకులు మండిపడ్డారు. పేటన్ సిపాయిల్ని చెరిపేసి, అక్కడ హైలాండర్లని వేశాడు.

ఇప్పుడు ఈ బొమ్మ వెనకున్న అసలు సంఘటన చూడండి. 1857 జూలై 15న కాన్పూర్‌లో బీబీఘర్ అనే ఇంట్లో బందీలుగా ఉన్న దాదాపు 200 మంది స్త్రీలు, పిల్లల్ని చంపేశారు. అది ఘోరం, దాన్ని చిన్నది చేయడానికి వీల్లేదు. బ్రిటిష్ జనరల్ హావెలాక్ సైన్యం ఊళ్లోకి వచ్చింది జూలై 17న. కాపాడటానికి అప్పటికి ఎవరూ మిగల్లేదు. మరి చనిపోయినవాళ్ల స్మృతికి అని పేరు పెట్టిన బొమ్మలో వాళ్లు బతికి బయటపడుతున్నారేంటి? ఎందుకంటే చూసేవాడికి ఓటమి వద్దు, తన సైన్యం మీద నమ్మకం కావాలి.

ఆ సైన్యం వచ్చాక ఏం చేసిందో కూడా బొమ్మలో లేదు. జనరల్ నీల్ పట్టుబడినవాళ్లతో బీబీఘర్ నేల మీది నెత్తురు నాకించి, తర్వాత ఉరి తీయించాడు. నాకు ఈ బొమ్మలో అన్నిటికంటే బాధ కలిగించేది ఈ ఖాళీయే. మొదటి బొమ్మలో భారతీయుడు భయపెట్టడానికి ఉన్నాడు. రెండోదాంట్లో ఆ తలుపులో కూడా లేడు. 1862లో అచ్చులు వేసి అమ్మింది ఈ రెండో బొమ్మకే.