46 పేజీల రిపోర్ట్‌, 90 సెకన్ల పిచ్: ఒక సంపు ప్రాజెక్ట్‌తో చేసి చూద్దాం

"అన్నా, మాది ఫైనల్ ఇయర్ ఈసీఈ, బెంగళూరు మారతహళ్ళి పీజీలో ఉంటాం. సంపులో నీళ్ళ మట్టం కొలిచి, ట్యాంకర్ ఎన్ని లీటర్లు పోసిందో ఫోన్‌లో చూపించే ప్రాజెక్ట్ చేశాం. రిపోర్ట్ 46 పేజీలు. దాన్ని 90 సెకన్ల పిచ్ వీడియో చేయమన్నారు, సీన్ల వారీగా స్క్రిప్ట్ కూడా ఇవ్వాలి. అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటి చదివినా టైం సరిపోవట్లేదు. ఏం తీసేయాలి?"

ఏం తీసేయాలి అనే చోట మొదలుపెట్టకండి. రిపోర్ట్‌ని వెనక నుంచి తెరవండి. సర్టిఫికెట్, డిక్లరేషన్, అబ్‌స్ట్రాక్ట్, లిటరేచర్ సర్వే అనే వరుస గైడ్ కోసం, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కోసం పెట్టింది. మీరేం చదివారో, ఎలా చేశారో వాళ్ళు చూడాలి కాబట్టి అలా ఉంటుంది. పిచ్ చూసేవాళ్ళకి కావాల్సింది ఒక్కటే, ఈ పరికరం పెడితే ఏం తెలుస్తుంది? దానికి జవాబు ఫలితాల అధ్యాయంలో ఉంటుంది, మామూలుగా 38వ పేజీ దాటాక.

మీరు పంపిన రిపోర్ట్‌లో ఆ అధ్యాయంలో ఒక పట్టిక ఉంది. ఆరు ట్యాంకర్లు, ప్రతిదానికీ పోయకముందు రీడింగ్, పోశాక రీడింగ్. బిల్లులన్నీ 12,000 లీటర్లకే. అందులో ఐదు దాదాపు సరిపోయాయి. నాలుగో ట్యాంకర్ దగ్గర ముందు రీడింగ్ 164 సెంటీమీటర్లు, తర్వాత 73. మీ సెన్సర్ సంపు మూత కింద ఉంది కాబట్టి నీళ్ళు పెరిగితే అంకె తగ్గుతుంది. తేడా 91. మీ సంపు పొడవు 4 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. అంటే ఒక సెంటీమీటర్ మట్టం పెరిగితే 120 లీటర్లు. 91ని 120తో గుణిస్తే 10,920. బిల్లుకీ దీనికీ 1,080 లీటర్ల తేడా.

మీ వీడియో మొత్తం ఈ ఒక్క వరుస మీద నిలబడుతుంది. మిగతా 45 పేజీలు దీన్ని నమ్మించడానికి పనికొస్తేనే లోపలికి రావాలి.

ఇక్కడ ఒక మాట. మీ అబ్‌స్ట్రాక్ట్‌లో "ట్యాంకర్ల మోసాన్ని అరికట్టే వ్యవస్థ" అని రాశారు. వీడియోలో అది వద్దు. మీ పట్టికే చెబుతోంది, ఆరింట్లో ఐదు సరిగ్గానే వచ్చాయని. నాలుగోది ఎందుకు తగ్గిందో మీకు తెలియదు. ముందు ఇంకో ఇంట్లో కొంచెం దించి ఉండొచ్చు, సగం నిండగానే బయల్దేరి ఉండొచ్చు. మీ పరికరం తెలుసుకున్నది లీటర్లే, ఎవరి ఉద్దేశమూ కాదు. అలాగే ఆ 1,080ని నెల రోజులతో హెచ్చవేసి "నెలకి ఇంత నష్టం" అనకండి. జ్యూరీలో లెక్క తెలిసినవాళ్ళు ఒక్కరున్నా అక్కడే పట్టుకుంటారు. "ఆరు ట్యాంకర్లలో ఒకటి వెయ్యి లీటర్లకు పైగా తక్కువ తెచ్చింది. ఏది తక్కువో ఈ పరికరం లేకుండా మాకు తెలిసేది కాదు." నా దృష్టిలో ఇదే బలమైన మాట, ఎందుకంటే దీన్ని ఎవరూ కాదనలేరు.

ఇక స్క్రిప్ట్. పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు కంటికి కనిపించేది, కుడి వైపు చెవికి వినిపించేది. ముందు ఎడమ వైపు నింపండి. చాలామంది కుడి వైపంతా రాసేసి, తర్వాత ఎడమ వైపు "స్లైడ్, స్లైడ్, బ్లాక్ డయాగ్రమ్" అని రాస్తారు. అలా రాస్తే తయారయ్యేది వీడియో కాదు, వెనక మాటలున్న పీపీటీ. మీరు ఇంగ్లిష్‌లో చెబుతారు కాబట్టి 90 సెకన్లకి 200 మాటలు మించకూడదు. నిజానికి 180 దగ్గర ఆపితే మధ్యలో ఊపిరి తీసుకోవచ్చు. నేను తెలుగులో చెబుతున్నవి మీ ఇంగ్లిష్‌లోకి మీరే మార్చుకోండి.

మొదటి సీన్, పది సెకన్లు. ఎడమ వైపు ఇలా రాయండి: "ట్యాంకర్ పైపు సంపులోకి. దగ్గరి షాట్. నీళ్ళు పడుతున్నాయి. తర్వాత చేతిలో బిల్లు, 12,000 అనే అంకె మీద వేలు." కుడి వైపు: "బిల్లులో 12,000 లీటర్లు. సంపులో ఎన్ని పడ్డాయో ఎవరైనా చూశారా?" అంతే. కాలేజీ లోగో, టైటిల్, నలుగురి పేర్లు, గైడ్ పేరు ఇవన్నీ మొదట్లో పెడితే పది సెకన్లు అక్కడే కరిగిపోతాయి. చివర్లో మూడు సెకన్ల కార్డు చాలు.

రెండో సీన్, పన్నెండు సెకన్లు. మీ ఇంట్రడక్షన్‌లో నాలుగు పేజీల్లో బెంగళూరు నీటి ఎద్దడి, బోర్లు ఎండిపోవడం, కావేరి నీళ్ళు అన్నీ రాశారు. వాటిలో ఒక్క ముక్క తీసుకోండి. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ప్రైవేటు ట్యాంకర్లకి ధరలు కట్టింది. అప్పట్లో 5 కిలోమీటర్ల లోపల 12,000 లీటర్లకి 1,000 రూపాయలు. కుడి వైపు మాట: "2024లో ధర మీద పరిమితి వచ్చింది. కొలత మాత్రం ఇప్పటికీ ఒక కర్రే." ఎడమ వైపు వాచ్‌మన్ సంపులో కర్ర ముంచి, తడి గీత దాకా బెత్తలతో కొలవడం. పాత పేపర్ కటింగులు, ఎండిన చెరువుల ఫోటోలు నెట్‌లో నుంచి తెచ్చి అతికించొద్దు. అవి ప్రతి వీడియోలోనూ ఉంటాయి, ఆ కర్ర ఒక్క మీ వీడియోలోనే ఉంటుంది.

మూడో సీన్‌కి పద్దెనిమిది సెకన్లు ఇవ్వండి. ఇది పరికరం ఎలా పనిచేస్తుందో చెప్పే చోటు. రిపోర్ట్‌లో దీనికి పదిహేను పేజీలున్నాయి, పిన్ డయాగ్రమ్‌తో సహా. వీడియోకి కావాల్సినవి రెండే. ఒకటి, సెన్సర్ నుంచి శబ్దం కిందికి వెళ్ళి నీటికి తగిలి తిరిగొస్తుంది, పట్టిన టైంని బట్టి దూరం తెలుస్తుంది. సంపు అడ్డకోత బొమ్మ వేసి, ఒక బాణం దిగి మళ్ళీ పైకి వచ్చేలా చూపండి. రెండోది, ఒక సెంటీమీటర్ అంటే 120 లీటర్లు. అదే బొమ్మలో నీటి మట్టం సన్నగా ఒక గీత పైకి జరగాలి, పక్కన 120 అంకె రావాలి. బొమ్మ చూపిస్తున్నదాన్నే మళ్ళీ నోటితో వర్ణించకండి. బాణం కనిపిస్తూనే ఉంటుంది కదా, ఆ టైంలో మీ గొంతు చెప్పాల్సింది కంటికి కనపడనిది: "సంపు లోపల ఎప్పుడూ తేమ. మామూలు సెన్సర్ మీద నీటి చుక్కలు పట్టి తప్పు అంకెలు వచ్చాయి. అందుకే వాటర్‌ప్రూఫ్ రకానికి మారాం." రిపోర్ట్‌లో ఇది 'సమస్యలు' కింద రెండు లైన్లలో దాక్కుని ఉంది. మీరు ల్యాబ్‌లో కాకుండా నిజమైన సంపులో పనిచేశారని చెప్పేది ఈ రెండు లైన్లే.

నాలుగో సీన్ డెమో. ముప్పై సెకన్లు, అంటే వీడియోలో మూడో వంతు. ఇక్కడ నాకు భయం ఎడిటింగ్ గురించి కాదు, జ్యూరీకి వచ్చే అనుమానాల గురించి. మొదటి అనుమానం ఇది: ట్యాంకర్ పోస్తుండగా పీజీలో మోటర్ నడిస్తే? సంపు నుంచి నీళ్ళు ఓవర్‌హెడ్ ట్యాంక్‌కి ఎక్కుతుంటే మట్టం తక్కువ పెరుగుతుంది, ట్యాంకరే తక్కువ తెచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి మాటల్లో జవాబు అక్కర్లేదు. డెమో మొదటి షాట్‌గా మోటర్ స్విచ్ ఆఫ్ చేయడం చూపండి. రెండు సెకన్లు చాలు. రెండో అనుమానం, పైపు తీసిన వెంటనే నీళ్ళు అలలుగా ఊగుతుంటాయి, అంకె నిలవదు. మీరు పది నిమిషాలు ఆగారని రిపోర్ట్‌లో ఉంది. ముందు, తర్వాత రెండు రీడింగులూ ఫోన్ స్క్రీన్ మీద పైనున్న గడియారంతో సహా తీయండి. తెర మీద "10 నిమిషాల తర్వాత" అని రాస్తే, గడియారం కూడా అదే చెప్పాలి. తర్వాత వేరే రోజు తీసిన స్క్రీన్‌షాట్ అతికిస్తే ఇక్కడే దొరికిపోతారు.

ఆ ఫోన్ స్క్రీన్ గురించి ఇంకో సంగతి. మీ యాప్‌లో గ్రాఫు, ఉష్ణోగ్రత, వైఫై బలం అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. జ్యూరీ వీడియోని ఫోన్‌లోనే చూడొచ్చు. ఫోన్‌లో ఫోన్ కనిపిస్తే అంకె ఆవగింజంత అవుతుంది. దూరం చూపే అంకె ఒక్కటే తెర సగం నిండేలా కత్తిరించండి. తర్వాత ఆ లెక్క పెద్ద అక్షరాల్లో వరుసగా రావాలి:

```
164 - 73 = 91
91 × 120 = 10,920
```

ఈ లెక్క వస్తున్నప్పుడు మీరు మాట్లాడకండి. మూడు సెకన్లు మౌనం. చూసేవాళ్ళే 12,000తో పోల్చుకుంటారు.

కానీ ఒక చిక్కుంది. ఇవి నాలుగో ట్యాంకర్ అంకెలు, ఆ ట్యాంకర్ ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది. రేపు మీరు షూట్ చేసేటప్పుడు వచ్చేది సరిగ్గా 12,000 పోయొచ్చు. అప్పుడు నటించకండి. కొత్త ట్యాంకర్ ఎంత చూపిస్తే అంతే డెమోలో చూపండి. నాలుగో ట్యాంకర్ వరుసని రిపోర్ట్ పట్టిక నుంచి తీసి, "మా పరీక్షల్లో" అని రాసి దాని పక్కన పెట్టండి. సరిపోయిన ట్యాంకర్, తగ్గిన ట్యాంకర్ పక్కపక్కన కనిపిస్తే పరికరం రెండింటినీ విడదీయగలదని తెలుస్తుంది. ఒక్క తగ్గినదాన్నే చూపితే, సెన్సరే ఎప్పుడూ తక్కువ చూపిస్తుందేమో అనుకోవచ్చు.

ఐదో సీన్, పన్నెండు సెకన్లు, పరిమితి. రిపోర్ట్‌లో "98.7 శాతం ఖచ్చితత్వం" అని ఉంది. దేంట్లో 98.7? దాన్ని లీటర్లలోకి దించండి. టేపుతో పోల్చినప్పుడు మీకు వచ్చిన అతి పెద్ద తేడా ఒక సెంటీమీటర్. కానీ మీరు రెండు రీడింగులు తీసి ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తున్నారు. రెండూ చెరో వైపు తప్పితే రెండు సెంటీమీటర్లు, అంటే 240 లీటర్లు. కాబట్టి: "240 లీటర్ల లోపు తేడాని మేము తేడాగా లెక్కించం. వెయ్యి లీటర్లు తగ్గితే మాత్రం పట్టుకుంటాం." ఎడమ వైపు సంపులో టేపు, పక్కనే సెన్సర్ అంకె, ఒకే ఫ్రేములో. ఈ సీన్ తీసేద్దామని మీ టీంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తీయకండి. జ్యూరీ అడగబోయే మొదటి ప్రశ్న ఇదే.

చివరి ఎనిమిది సెకన్లలో మీకేం కావాలో అడగండి. "ఫ్యూచర్ స్కోప్"లో రాసిన మెషిన్ లెర్నింగ్, స్మార్ట్ సిటీ సంగతి వదిలేయండి. "కాలేజీ హాస్టల్ సంపులో ఒక నెల పెట్టడానికి అనుమతి ఇవ్వండి." ఎడమ వైపు హాస్టల్ సంపు మూత, దాని మీద మీ పరికరం. తర్వాత పేర్ల కార్డు.

షూటింగ్‌ మాత్రం ఈ వరుసలో చేయొద్దు. ట్యాంకర్ ఒక్కసారే పోస్తుంది, మళ్ళీ టేక్ ఉండదు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో పీజీ ఆంటీని ముందే అడిగి, ఒకటో సీన్, నాలుగో సీన్ ఒకే ట్యాంకర్‌కి తీయండి. ఒక ఫోన్ పైపు మీద, ఇంకో ఫోన్ మోటర్ స్విచ్, రీడింగుల మీద. ట్యాంకర్ నంబర్ ప్లేట్, డ్రైవర్ ముఖం ఫ్రేములోకి రానీయకండి, వస్తే బ్లర్ చేయండి. బిల్లు మీద ఫోన్ నంబర్ కూడా అంతే. అక్కడ పంపు చప్పుడుకి మీ గొంతు వినపడదు కాబట్టి మాటలు తర్వాత గదిలో ఫ్యాన్ ఆపేసి విడిగా రికార్డ్ చేసుకోండి, నీళ్ళ చప్పుడు మాత్రం వెనక సన్నగా ఉంచండి. కర్ర, టేపు, హాస్టల్ మూత ఇవన్నీ ఏ ఆదివారమైనా తీసుకోవచ్చు.