డబ్బు కట్ అయింది, రీఛార్జ్ పడలేదు: మధ్యలో ఏం జరిగింది?

[తెరపై: రీఛార్జ్ రూ.299, రాత్రి 11:58, స్టేటస్ "పెండింగ్"]

బ్యాంకు మెసేజ్ వచ్చింది, రీఛార్జ్ రాలేదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే "పేమెంట్ సక్సెస్ అయింది" అంటారు. వాళ్లు తప్పించుకోవడం లేదు. మీ డబ్బు రీఛార్జ్ యాప్‌కు చేరింది, వాళ్లకు కనిపించేది అంతవరకే.

యాప్ నుంచి ఆపరేటర్‌కు వెళ్లేది రెండో లావాదేవీ. మన 299 ఇరుక్కున్నది అక్కడే.

[తెరపై: యాప్ → ఆపరేటర్, తిరుగు బాణం మధ్యలో తెగిపోతుంది]

యాప్ రిక్వెస్ట్ పంపింది, జవాబు రాకుండానే టైమ్ అవుట్ అయింది. ఆపరేటర్ సిస్టమ్ ప్లాన్ వేసేసి, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండొచ్చు. అసలు రిక్వెస్టే చేరకపోయి ఉండొచ్చు. యాప్ వైపు నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తొందరపడి రీఫండ్ ఇచ్చాక ప్లాన్ పడితే నష్టం యాప్‌దే. కొత్త ఆర్డర్ నంబర్‌తో మళ్లీ పంపితే రెండుసార్లు పడే ప్రమాదం. అందుకే పాత ఆర్డర్ నంబర్‌తోనే "దీని సంగతేంటి?" అని ఆపరేటర్‌ను అడుగుతూ, మనకు పెండింగ్ చూపిస్తుంది.

అప్పటికీ తేలకపోతే లెక్కలు సరిచూసుకునే దశ వస్తుంది, అదే రీకన్సిలియేషన్. యాప్ ఆర్డర్ల జాబితాను, ఆపరేటర్ వేసిన రీఛార్జ్‌ల జాబితాను పక్కపక్కన పెట్టి ఆర్డర్ నంబర్, మొబైల్ నంబర్, మొత్తం కలుస్తున్నాయో లేదో చూస్తారు. రెండింటిలోనూ ఉంటే సక్సెస్. యాప్ దగ్గర మాత్రమే ఉంటే రీఫండ్.

మన ఆర్డర్‌కు చిన్న చిక్కుంది. 11:58కి డబ్బు కట్టాం. ఆపరేటర్ దగ్గర అది 12:01కి నమోదైతే మర్నాటి జాబితా ఫైల్లోకి పోతుంది. మొదటి రోజు ఫైల్లో లేదని రీఫండ్ ఇచ్చేస్తే తప్పు లెక్క. కాబట్టి రెండో ఫైల్ వచ్చేదాకా ఆగాల్సిందే. అర్ధరాత్రి రీఛార్జ్‌లు ఆలస్యంగా తేలడానికి ఇదొక కారణం.

[తెరపై: ఆపరేటర్ యాప్‌లో ప్లాన్ వివరాలు]

ముందు ఆపరేటర్ సొంత యాప్‌లో వ్యాలిడిటీ తేదీ చూడండి. మెసేజ్ రాకుండానే ప్లాన్ పడి ఉండొచ్చు. రీఛార్జ్ యాప్‌లో "సక్సెస్" అని ఆపరేటర్ రిఫరెన్స్ నంబర్ కూడా ఉండి, ప్లాన్ లేకపోతే ఆ నంబర్ చెప్పి, ఆపరేటర్ ఫిర్యాదుల లైన్ 198కి ఫిర్యాదు చేయండి. పెండింగ్ అయితే యాప్ కస్టమర్ కేర్‌నే పట్టుకోవాలి. రీఫండ్ కొత్త రిఫరెన్స్‌తో విడిగా జమ కావచ్చు, కాబట్టి స్టేట్‌మెంట్‌లో పాత నంబర్ కోసమే వెతకకండి.

యూపీఐలో డబ్బు కట్ అయి, యాప్‌కు పేమెంట్ ఖరారే కాకపోతే అది వేరే కేసు. రిజర్వ్ బ్యాంకు 2019 నిబంధన ప్రకారం లావాదేవీ జరిగాక 5 రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు రూ.100 పరిహారం. అక్కడ మాత్రం 12 అంకెల యూటీఆర్ నంబర్‌తో బ్యాంకునే అడగాలి.