పెద్దాయనకు రెండో మాట కావాలి

మిత్రులారా, మీలో ఎక్కువమంది రాసుకొచ్చిన కథ ఒకటే. బస్టాపులో ముసలాయన రోజూ అందరినీ పలకరిస్తాడు, ఎవరూ పలకరు. ఒకరోజు ఆయన రాడు. చనిపోయాడని తెలిసి అందరూ కుమిలిపోతారు. ఈ ముగింపు నాకు నచ్చదు. మనిషిని చంపేస్తే పాఠకుడు జాలిపడతాడు, నిజమే. కానీ పలకరించిన మనిషికీ పలకని మనిషికీ మధ్య ఏం మారిందో రాయాల్సిన కష్టాన్ని మనం ఎగ్గొట్టినట్టే.

ఇదే కథను చంద్రగిరిలో పెట్టి చూద్దాం. పొద్దున ఆరున్నర. పెద్దాయన తడిగుడ్డలో కట్టిన మల్లెపూల మూట కాళ్ల దగ్గర పెట్టుకుని తిరుపతి బస్సు కోసం నిలబడి ఉంటాడు. మూటను కండక్టరుకు అప్పజెబితే తిరుపతిలో పూలకొట్టాయన దింపుకుంటాడు, ఈయన ఇంటికి పోతాడు. ఈ పని లేకపోతే ఆయన పలకరించడానికే పుట్టిన మనిషిలా కనబడతాడు, నమ్మబుద్ధి కాదు.

తిరుపతి బట్టల షాపులో పనిచేసే కుర్రాడొకడు అక్కడే బస్సెక్కుతాడు.

"ఏం నాయనా, బాగుండావా?"

మొదటిసారి చెవుల్లో ఇయర్‌ఫోన్లు, వాడికి వినబడలేదు. ఇంకోసారి వినబడింది, ఫోన్‌లోకి తలదించుకున్నాడు. ఆ తర్వాత పెద్దాయన కనబడగానే వేపచెట్టు వెనక్కి జరిగాడు. ఈ మూడూ చాలు. 'రోజూ ఎవరూ పలకలేదు' అని మళ్లీ మళ్లీ రాస్తే పాఠకుడు పేజీ తిప్పేస్తాడు. ఇక్కడ మాత్రం ప్రతిసారీ ఒక మెట్టు పెరుగుతోంది చూడండి. చెట్టు వెనక దాక్కున్నాడంటేనే ఆ పలకరింపు వాడికి తగిలిందని అర్థం.

ఇక ఆ పొద్దు. ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, ఇయర్‌ఫోన్లు జేబులో ఉన్నాయి. పెద్దాయన అలవాటుగా అడిగాడు. వాడి నోట్లోంచి జారిపోయింది.

"బాగుండా తాతా. నువ్వు బాగుండావా?"

చాలామంది ఇక్కడ పెద్దాయన కళ్లలో నీళ్లు తెప్పిస్తారు. తొందరపడకండి. ఇన్నాళ్లూ ఆయనకు మొదటి మాటతోనే పని, రెండో మాట అవసరం పడలేదు. ఇప్పుడు జవాబు వచ్చేసరికి టెన్షన్ ఆయనకే. వంగి, గట్టిగానే ఉన్న మూట ముడిని విప్పి మళ్లీ కట్టాడు. చేతికి రెండు మొగ్గలు అంటుకున్నాయి, దులుపుకున్నాడు. అప్పటికి దొరికింది మాట.

"బస్సు లేటు మాదిరుండాదే."

"ఊఁ" అన్నాడు వాడు. కానీ చెట్టు వెనక్కి పోలేదు.

నేనైతే కథ అక్కడ ఆపేస్తాను. వాళ్లిద్దరూ స్నేహితులయ్యారా అని అడిగితే నాకూ తెలియదు. రెండో మాట కోసం తడుముకున్న ఆ కాసేపే నాకు కావాల్సిన కథ. మీలో ఎవరైనా కుర్రాడి వైపు నుంచి చెప్పి చూడండి. అప్పుడు ముడి విప్పి కట్టడం వాడికి ఎలా కనబడుతుందో తేల్చుకోవాలి, అది ఇంకా కష్టం. టీ తాగి వచ్చాక దాని మీదే కూర్చుందాం.