నగ బిల్లు చదవడం: నికర బరువు, తరుగు, హాల్‌మార్క్

అందరికీ నమస్కారం.

బంగారం కొనడానికి వెళ్లినప్పుడు మనం మొదట అడిగేది "ఈరోజు రేటెంత?" అని. ఆ రోజు ఊళ్లో ఏ దుకాణంలో అడిగినా రేటు దాదాపు ఒకటే చెబుతారు. అయినా ఒకే బరువున్న రెండు నగలకు రెండు చోట్ల వేల రూపాయల తేడా వస్తుంది. ఆ తేడా తరుగులోనూ, రాళ్ల బరువులోనూ దాగి ఉంటుంది. అందుకే ఈరోజు ఒక్క రాళ్ల నక్లెస్ బిల్లు తీసుకుని, దాన్ని ఒక్కో పద్దూ చదువుకుంటూ పోదాం. దానికి ముందు స్వచ్ఛత సంగతి చూసేద్దాం.

ఇప్పుడు అమ్మే హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులుంటాయి. వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ ముద్ర ఒకటి, త్రికోణంలా కనిపిస్తుంది. స్వచ్ఛత అంకె రెండోది. 22 క్యారెట్లకు 22K916, 18 క్యారెట్లకు 18K750, 14 క్యారెట్లకు 14K585 అని ఉంటుంది. మూడోది ఒక్కో నగకూ విడిగా ఇచ్చే నంబరు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని నగను హాల్‌మార్క్ నగగా దుకాణంలో అమ్మకూడదు. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి బంగారం, మిగిలినది రాగి, వెండి లాంటి లోహాలు. ఇంకా కొన్నిచోట్ల "కేడీఎం నగ అండీ, గ్యారంటీ" అంటుంటారు. కేడీఎం అంటే కాడ్మియంతో అతుకు వేశారని మాత్రమే. నగలో బంగారం ఎంతుందో అది చెప్పదు. దాన్ని స్వచ్ఛత గుర్తుగా తీసుకోకండి.

గుర్తులు చాలా చిన్నగా ఉంటాయి కాబట్టి భూతద్దం అడగండి. ఇవ్వడం దుకాణం బాధ్యత. ఫోన్లో BIS Care యాప్ తెరిచి, Verify HUID దగ్గర ఆ ఆరు స్థానాలూ కొట్టండి. స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం, ముద్ర వేయించిన వ్యాపారి వివరాలతో పాటు అది ఏ రకం నగో కూడా కనిపిస్తుంది. చాలామంది 22 క్యారెట్లని చూడగానే యాప్ మూసేస్తారు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యం నగ రకమే. మీ చేతిలో నక్లెస్ ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే, ఆ నంబరు మరో నగది. దాన్ని కొనకండి. వ్యాపారి పేరు వేరుగా ఉన్నంతమాత్రాన కంగారు పడక్కర్లేదు. టోకు వ్యాపారో తయారీదారో ముద్ర వేయించి దుకాణానికి అమ్మి ఉండవచ్చు.

ఈ గుర్తులకు రెండు పరిమితులున్నాయి. రెండు గ్రాముల లోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. ముక్కుపుడకలు, చిన్న దుద్దులు ఇందులోకి వస్తాయి. కుందన్, పోల్కీ, జడావు నగలకూ మినహాయింపు ఉంది. అలాంటివి కొంటే స్వచ్ఛతను బిల్లు మీద రాయించుకోవడమే మీకున్న ఆధారం. రెండోది, ముద్ర పడ్డాక దుకాణంలో గొలుసు పొడవు పెంచినా, కొత్త కొక్కెం వేసినా, ఆ కలిపిన ముక్క పరీక్షకు వెళ్లలేదు. పొడవు మార్పించాలనుకుంటే కలిపే బంగారం ఎన్ని క్యారెట్లదో బిల్లులో రాయమనండి.

ఇక నక్లెస్ దగ్గరికి వద్దాం. లెక్క తేలిగ్గా ఉండడానికి 22 క్యారెట్ల రేటు గ్రాముకు 10,000 రూపాయలనుకుందాం. కాటా మీద నక్లెస్ 24.000 గ్రాములు తూగింది. ఇది గ్రాస్ వెయిట్, అంటే మొత్తం బరువు. ఇందులో రాళ్లు 4 గ్రాములు. తీసేస్తే 20.000 గ్రాములు నెట్ వెయిట్, అంటే నికర బరువు. మీరు బంగారం రేటు కట్టాల్సింది ఈ 20 గ్రాములకే. రాళ్లే కాదు, నల్లపూసలైనా, ముత్యాలైనా, బోలు నగ లోపల నింపిన లక్కైనా, కట్టిన దారమైనా బంగారం కాదు. వాటి బరువు తీసేయాలి. తూచే ముందు కాటా సున్నా మీద ఉందో లేదో, ట్యాగ్ తీశారో లేదో చూడండి. ఈ రేటున పది మిల్లీగ్రాములంటే వంద రూపాయలు.

రాళ్ల బరువు అంతే అని తెలుసుకోవడమెలా? రాళ్లను క్యారెట్లలో తూస్తారు. ఇక్కడ క్యారెట్ అంటే స్వచ్ఛత కాదు, బరువు. ఐదు క్యారెట్లు ఒక గ్రాము. బిల్లులో రాళ్ల ఖరీదు వేసిన చోట "20 క్యారెట్లు" అని ఉంటే, బరువు తీసేసిన చోట 4.000 గ్రాములు ఉండాలి. అక్కడ 3.200 అని కనిపించిందనుకోండి. అప్పుడు 0.800 గ్రాముల రాళ్లు బంగారం లెక్కలోకి వెళ్లిపోయాయి. రాళ్లుగా ఒకసారి, బంగారంగా ఒకసారి, రెండుసార్లు డబ్బు కడుతున్నట్టు. రేటు మీదే ఎనిమిది వేలు, ఆపైన తరుగు, పన్ను. రాళ్లకు ఒక్కోదానికి ఇంతని ధర వేసి క్యారెట్లు రాయకపోతే, రాయమని అడగండి. ట్యాగ్ మీద గ్రాస్, స్టోన్, నెట్ మూడూ ఉంటాయి. ఆ మూడూ బిల్లులోకి అవే అంకెలతో రావాలి.

ఇప్పుడు తరుగు. ఒకప్పుడు కంసాలి చేతిపనిలో రాపిడికీ కరిగింపుకీ పోయే బంగారానికి పెట్టిన పద్దు ఇది. ఇప్పుడు దుకాణాల్లో తరుగు, మజూరీ కలిపి వీఏ అని ఒకే శాతంగా వేసేవాళ్లున్నారు, విడివిడిగా వేసేవాళ్లూ ఉన్నారు. ఆ శాతానికి ప్రభుత్వం పెట్టిన పరిమితేమీ లేదు. బేరమాడదగిన పద్దు ఇదే.

మన నక్లెస్‌కు ఒక దుకాణం వీఏ 14 శాతం అంది. నికర బంగారం విలువ 2,00,000, దాని మీద 28,000. ఇంకో దుకాణం "తరుగు 8 శాతమే" అంది, వినడానికి చాలా తక్కువ. కింద మజూరీ గ్రాముకు 600 అని ఉంది. తరుగు 16,000, మజూరీ 12,000, కలిపితే అదే 28,000. మూడో దుకాణం రేటే తగ్గించి గ్రాముకు 9,900 అంది, వీఏ మాత్రం 17 శాతం. బంగారం 1,98,000, వీఏ 33,660, మొత్తం 2,31,660. మొదటి రెండు చోట్లా 2,28,000. రేటు తక్కువన్న చోటే 3,660 ఎక్కువైంది. కాబట్టి పన్ను, రాళ్లు పక్కనపెట్టి, బంగారం, తరుగు, మజూరీ కలిపి నికర బరువుతో భాగించండి. మొదటి రెండు చోట్లా గ్రాముకు 11,400, మూడో చోట 11,583. ఈ ఒక్క అంకెతో ఏ రెండు దుకాణాలనైనా పోల్చవచ్చు. "మజూరీ మీద సగం తగ్గింపు" అన్న ప్రకటనలు కూడా ఈ అంకె ముందు తేలిపోతాయి, ఎందుకంటే సగం చేయడానికి ముందు ఆ మజూరీ ఎంత పెట్టారన్నది వాళ్ల చేతిలోనే ఉంది.

శాతం దేని మీద వేశారన్నది కూడా చూడాలి. 14 శాతాన్ని మొత్తం బరువైన 24 గ్రాముల మీద వేస్తే 33,600 అవుతుంది. రాళ్ల మీద తరుగు వేసి 5,600 అదనంగా తీసుకున్నారన్నమాట. రాళ్లు కరగవు, వాటికి తరుగుండదు. రేటు విషయంలో కూడా ఒక పొరపాటు జరుగుతుంది. 22 క్యారెట్ల రేటు 10,000 ఉన్నరోజు 24 క్యారెట్లది సుమారు 10,917 ఉంటుంది. 22 క్యారెట్ల నగకు ఆ రేటు వేస్తే మన 20 గ్రాములకు 18,340 ఎక్కువ. అలాగే రాళ్ల నగలు కొన్ని 18 క్యారెట్లలో చేస్తారు. వాటికి ఆ రోజు రేటు 8,188 దగ్గర ఉండాలి. నగ మీద 750 ఉండి, బిల్లులో 22 క్యారెట్ల రేటు ఉంటే అక్కడే ఆపండి.

బిల్లు పూర్తి చేద్దాం. బంగారం 2,00,000, వీఏ 28,000, రాళ్లు 6,000 అనుకుంటే మొత్తం 2,34,000. దీని మీద జీఎస్టీ 3 శాతం, 7,020 రూపాయలు. అది సీజీఎస్టీ ఒకటిన్నర, ఎస్‌జీఎస్టీ ఒకటిన్నరగా కనిపిస్తుంది. హాల్‌మార్క్ రుసుం నగకు 45 రూపాయలు, దాని మీద 18 శాతం పన్నుతో 53 రూపాయల 10 పైసలు. అది బరువును బట్టి మారదు. గ్రాముకింతని హాల్‌మార్క్ చార్జీ వేస్తే ఒప్పుకోకండి. అంతా కలిపి 2,41,073. రెండు లక్షలు దాటింది కాబట్టి పాన్ అడుగుతారు, మొత్తం నగదుగా తీసుకోవడానికీ చట్టం ఒప్పుకోదు.

ఇక్కడే "బిల్లు లేకుండా అయితే పన్ను మిగులుతుంది" అన్న మాట వస్తుంది. మిగిలేది 7,020. పోయేదేమిటో చూడండి. ఈ నగను తర్వాత బీఐఎస్ గుర్తింపు ఉన్న కేంద్రంలో కొద్ది రుసుముతో మీరే పరీక్ష చేయించుకోవచ్చు. 916 బదులు 875 తేలిందనుకుందాం. వెయ్యికి 41 పాళ్లు తక్కువ, 20 గ్రాములకు 0.82 గ్రాముల మేలిమి. దాని విలువ సుమారు 8,950. బీఐఎస్ నిబంధనల ప్రకారం దానికి రెండింతలు, అంటే దాదాపు 17,900, దాంతో పాటు పరీక్ష ఖర్చూ మీకు రావాలి. బిల్లు లేకపోతే ఆ నగ ఎక్కడ కొన్నారో మీరు నిరూపించలేరు. ఎస్టిమేట్ చీటీ బిల్లు కాదు. నగ వివరం, నికర బరువు, క్యారెట్‌తో పాటు స్వచ్ఛత అంకె, హాల్‌మార్క్ రుసుం విడివిడిగా రాసి, జీఎస్టీ నంబరున్నదే బిల్లు. హెచ్‌యూఐడీ కూడా దాని మీద రాయించండి. దుకాణం మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తూకంలో తేడా అయితే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయాలి.

చివరిగా, కొనేరోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇదే నగను తిరిగి తెస్తే ఎంత ఇస్తారు? రేటు మారకుండా మర్నాడే తెచ్చినా లెక్కకొచ్చేది 20 గ్రాముల బంగారం, అంటే 2,00,000. రాళ్లకు ఏమీ కట్టకపోతే వీఏ, రాళ్లు, పన్ను, హాల్‌మార్క్ రుసుం కలిపి 41,073 వెనక్కి రాదు. కొన్ని దుకాణాలు ఆ రెండు లక్షల్లోనూ కొంత శాతం కోస్తాయి. మార్పిడికి ఒక శాతం, నగదుకు మరో శాతం ఉంటుంది. రాళ్లకు ఎంత లెక్కగడతారో, అసలు కడతారో లేదో కూడా దుకాణాన్ని బట్టి ఉంటుంది. ఈ షరతులు నోటిమాటగా చెబితే సరిపోదు. బిల్లు వెనక రాసి, దుకాణం ముద్ర వేయించుకున్నాకే డబ్బు కట్టండి.