240 శాతం రాబడి: ఆ డబ్బు కట్టేది ఎవరు?

నమస్తే అండీ. ఈ రోజు రివ్యూ చేస్తున్నది ఒక యీల్డ్ ఫార్మింగ్ సైట్, అంటే మన క్రిప్టో టోకెన్లు అందులో వేస్తే రాబడి ఇస్తామనే చోటు. అందులో నేను 60 రోజుల పాటు నా సొంత డబ్బు 20,000 రూపాయలు పెట్టి చూశాను. సైట్ పేరు చెప్పను. ఇలాంటివి చాలా ఉన్నాయి, లోపలి లెక్క అన్నిట్లోనూ ఇంచుమించు ఒకటే.

ఈ వీడియో చేయడానికి కారణం మా చిన్నాన్న కొడుకు. చిత్తూరు దగ్గర వాళ్లకు తోతాపురి తోట ఉంది. ఈసారి కాయ అమ్మగా వచ్చిన రెండు లక్షలు చేతిలో పెట్టుకుని తిరుపతి వచ్చాడు. ఫోన్ చూపించి, "అన్నా, ఏడాదికి 240 శాతం అంట, పెట్టేయమంటావా?" అన్నాడు. వాడికి నేను అడిగిన మొదటి మాట ఇది: "మన ఊరి లెక్కలో చెప్పు, నూటికి ఎంత వడ్డీ?" 240ని 12తో భాగిస్తే నెలకు నూటికి ఇరవై రూపాయలు. మన దగ్గర నూటికి మూడు రూపాయలంటేనే ఇల్లు గుల్ల అయిపోతుందంటాం. ఇరవై రూపాయల వడ్డీ ఎవరు కడుతున్నారు? అప్పు తీసుకున్నవాడు ఎవరు?

ఆ సమాధానం సైట్‌లోనే ఉంది. శాతం అంకె మీద వేలు పెట్టి నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి ఫీజుల రాబడి, రెండోది రివార్డు రాబడి. నేను చేరిన రోజు ఫీజుల వరుసలో 4.38 అని ఉంది. తెర మీద పెద్దగా కనిపించే 240 అంతా రివార్డు వరుసదే.

ఫీజుల రాబడి నిజమైన ఆదాయం. మనలాంటి వాళ్లు వేసిన డబ్బుతో ఒక పూల్ తయారవుతుంది. ఒక టోకెన్ ఇచ్చి ఇంకో టోకెన్ తీసుకోవాలనుకునేవాళ్లు ఆ పూల్‌లో మార్చుకుని, నూటికి 30 పైసలు ఫీజు కడతారు. లెక్క సులువుగా ఉండాలని రూపాయల్లో, రౌండ్ ఫిగర్లలో చెబుతున్నాను. పూల్‌లో మొత్తం కోటి రూపాయలు ఉన్నాయనుకోండి. రోజుకు నాలుగు లక్షల లావాదేవీ జరిగితే ఫీజు 1,200 వస్తుంది. ఏడాదికి 4.38 లక్షలు, అంటే 4.38 శాతం. బయటివాళ్ల జేబులోంచి వచ్చేది అంతవరకే.

ఇక రివార్డు. సైట్ వాళ్లు తమ సొంత టోకెన్‌ను కొత్తగా ముద్రించి పంచుతారు. ఈ పూల్‌కు రోజుకు 6,575 టోకెన్లు. ఆ రోజు టోకెన్ ధర 10 రూపాయలు, కాబట్టి రోజుకు 65,750 రూపాయలు. దాన్ని 365తో గుణిస్తే 2.4 కోట్లు. కోటి మీద 2.4 కోట్లు అంటే 240 శాతం. తెర మీద అంకె ఇలా పుడుతుంది. ఇందులో ఎవరూ ఎవరికీ వడ్డీ కట్టలేదు. పల్ప్ ఫ్యాక్టరీ వాడు కాయకు డబ్బు ఇవ్వకుండా తన స్టాంపు వేసిన చీటీలు ఇస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే. చీటీని డబ్బు చేసుకోవాలంటే దాన్ని కొనేవాడు ఇంకొకడు దొరకాలి. మా తమ్ముడికి ఈ మాట వెంటనే తలకెక్కింది.

ఇంకో సైట్‌లో ఇదే 240ని ఏపీవై అని 990 పైచిలుకు చేసి చూపిస్తారు. రోజూ వచ్చింది రోజూ మళ్లీ అందులోనే వేస్తే, ధరలు కదలకుండా ఉంటే వచ్చే చక్రవడ్డీ లెక్క అది.

నాకు ఏం జరిగిందో చూడండి. నా వాటా అయిదు వందల్లో ఒకటి, కాబట్టి మొదటి రోజు 13 టోకెన్లు, 131 రూపాయలు వచ్చాయి. ఆ అంకె చూసి జనం వచ్చి పడ్డారు. రెండు వారాల్లో పూల్ మూడు కోట్లయింది. ముద్రించేది అదే 6,575, తినేవాళ్లు మూడింతలు. నా వాటా రోజుకు 4.38 టోకెన్లకు దిగింది. ఇంతలో రివార్డు వచ్చినవాళ్లంతా రోజూ అమ్ముతున్నారు. కొనేవాళ్లు తక్కువ. 60వ రోజుకు ధర 2 రూపాయలు. రోజుకు 131 వచ్చేది కాస్తా 8 రూపాయల 77 పైసలైంది.

రివార్డు తగ్గినా అసలు ఉంటుంది కదా అనుకుంటాం. అసలు కూడా పోయింది. నేను వేసిన 20,000లో సగం డాలర్ ధరకు కట్టిన స్టేబుల్‌కాయిన్, సగం ఆ సైట్ టోకెనే. 10,000 రూపాయల స్టేబుల్‌కాయిన్, 1,000 టోకెన్లు. పూల్ ఎప్పుడూ రెండు వైపులా విలువ సమానంగా ఉండేలా సర్దుకుంటుంది. టోకెన్ వదిలించుకోవాలనుకున్న ప్రతివాడూ దాన్ని పూల్‌లో పారేసి స్టేబుల్‌కాయిన్ పట్టుకుపోతాడు. అలా ధర పదినుంచి రెండుకు పడేసరికి నా పేరు మీద 4,472 రూపాయల స్టేబుల్‌కాయిన్, 2,236 టోకెన్లు మిగిలాయి. మొత్తం 8,944. పూల్‌లో వేయకుండా ఊరికే దాచుకుని ఉంటే 12,000 ఉండేది. అరవై రోజుల్లో రివార్డుగా 320 టోకెన్లు వచ్చాయి. అమ్మకుండా ఉంచుకున్నాను, వాటి విలువ 640. ఫీజుల కింద వచ్చింది కొద్ది రూపాయలే. అంటే 20,000 పెట్టి 9,600కు అటూ ఇటూగా బయటికి వచ్చాను. ఈ అరవై రోజుల్లో ఒక్కరోజు కూడా సైట్ ఆగలేదు, హ్యాక్ కాలేదు, ఎవరూ పారిపోలేదు. అంతా రాసినట్టే నడిచింది.

సొంత టోకెన్ కాకుండా డాలర్‌లాంటి నాణెంలోనే వడ్డీ ఇస్తే సరేనా అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. దానికి యాంకర్ అనే క్రిప్టో పొదుపు సైట్ కథ చెప్పాలి. టెర్రా అనే క్రిప్టో నెట్‌వర్క్ మీద 2021లో మొదలైంది. యూఎస్‌టీ అనే డాలర్ నాణెం దాచుకుంటే ఏడాదికి దాదాపు 19.5 శాతం ఇచ్చేది. నూటికి రూపాయి అరవై పైసలు, వినడానికి న్యాయంగానే ఉంటుంది. అప్పు తీసుకున్నవాళ్లు కట్టే వడ్డీ, వాళ్లు తాకట్టు పెట్టిన టోకెన్ల మీద వచ్చే స్టేకింగ్ రాబడి, అంటే నెట్‌వర్క్ నడవడానికి టోకెన్లు కట్టి ఉంచినందుకు వచ్చేది, ఈ రెండూ కలిపి దాచుకున్నవాళ్లకు పంచాలి. కానీ దాచుకునేవాళ్లు పెరిగిపోయారు, అప్పు తీసుకునేవాళ్లు అంతగా పెరగలేదు. తరుగును రిజర్వ్ నిధిలోంచి పూడ్చారు. 2022 ఫిబ్రవరిలో టెర్రాకు అండగా ఉన్న లూనా ఫౌండేషన్ గార్డ్ అనే సంస్థ ఆ నిధిలో 45 కోట్ల డాలర్లు వేయాల్సి వచ్చింది. ఆ నిధి రోజురోజుకూ కరిగిపోవడం అందరికీ కనిపించేది. మే నెలలో యూఎస్‌టీ డాలర్ ధర నిలబెట్టుకోలేకపోయింది. అప్పటికి యాంకర్‌లో సుమారు 1,400 కోట్ల డాలర్ల విలువైన యూఎస్‌టీ ఉంది. వడ్డీ ఏ నాణెంలో వస్తోందో, ఆ నాణెమే కొద్ది రోజుల్లో కుప్పకూలింది.

స్టేకింగ్ అంతా ఇలాంటిదే అని నేననను. ఈథీరియం అనే నెట్‌వర్క్‌లో దాని నాణెం ఈథర్‌ను స్టేక్ చేస్తే ఏడాదికి సుమారు 3 శాతం వస్తుంది. అందులో కొంత కొత్తగా పుట్టే ఈథర్, కొంత లావాదేవీలు చేసేవాళ్లు ఇచ్చే టిప్పు. నెట్‌వర్క్‌ను నడిపినందుకు ఇచ్చే కూలి అది. ఈథర్ ధర పడితే మన రూపాయి విలువా పడుతుంది, అది వేరే రిస్క్. కానీ ఆ 3 ఎక్కడినుంచి వస్తోందో వేలు పెట్టి చూపించగలం.

నా తీర్పు సూటిగా చెబుతాను. ఈ సైట్‌కు నేను ఇచ్చే విలువ ఫీజుల వరుసలో ఉన్న అంకె వరకే. రివార్డు వరుసను సున్నా అనుకుని, అప్పుడూ పెట్టాలనిపిస్తే పెట్టండి. రోజుకు ఎన్ని టోకెన్లు ముద్రిస్తున్నారు, ఇంకా ముద్రించే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఈ రెండూ సైట్ డాక్యుమెంట్లలో దొరక్కపోతే నేనైతే ఒక్క రూపాయి వేయను.

తమ్ముడు రెండు లక్షలూ తీసుకుని చిత్తూరు బస్సెక్కాడు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. ఇంకో సైట్, పైన పెద్ద అక్షరాల్లో 410 శాతం. ఫీజుల వరుస చుట్టూ ఎర్ర గీత గీశాడు. అక్కడ 2.1 ఉంది.